మైనస్ రెండు గీతకు ఎడమ పక్క

మా మేనకోడలు ఫోన్ చేసేసరికి రాత్రి ఏడు దాటింది. గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది. "మావయ్యా, పాపకి నిన్నటితో మూడేళ్ళు నిండాయి కదా. ఈరోజు డాక్టరుగారు ఎత్తు కొలిచి తొంభై సెంటీమీటర్లన్నారు. కార్డు మీద చుక్క పెట్టారు. అది మధ్య గీతకి కింద పడింది. దాని కిందున్న గీత పక్కన మైనస్ రెండు అని రాసుంది. ఈ రెండిటి నడుమా ఉంది మన చుక్క. ఫర్వాలేదన్నారు గానీ, మైనస్ వైపే కదా ఉంది! ఎంత తక్కువున్నట్టు? మీరు కాలేజీలో చెప్పింది ఇవే లెక్కలట కదా, అమ్మ చెప్పింది."

ఇవే. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి బల్ల మీద గంట బోర్లించినట్టు ఒక గీత గీసి, దాని కింద కొంత మేర చాక్‌పీసుతో అడ్డగీతలు కొట్టి, "ఈ నింపిన భాగం ఎంత?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు పుస్తకం చివర ఉన్న పట్టికలో వెతికి ఒక అంకె చెప్పేవారు. మార్కులు పడేవి. ఆ అంకె ఎవరి గురించి, ఏం చెబుతోందన్నది మాత్రం ఆ తరగతిలో పెద్దగా మాట్లాడుకున్నట్టు నాకు గుర్తులేదు. తప్పు పిల్లలది కాదు.

కార్డు ఫొటో పంపమన్నాను. ఆడపిల్లల చార్టు, గులాబీ రంగు. అడుగున వయసు నెలల్లో, పక్కన ఎత్తు సెంటీమీటర్లలో. ఎడమ నుంచి కుడికి మెల్లగా ఎక్కుతూ ఐదు గీతలు. నడిమి గీత సున్నా. పైన 2, 3. కింద మైనస్ 2, మైనస్ 3. ఈ చార్టు చాలా ఇళ్ళలో ఉంటుంది. ఇందులో గంట ఆకారం దాక్కుని ఉందని ఎవరూ చెప్పరు. అడుగున 36 నెలల దగ్గర వేలు పెట్టి నిట్టనిలువుగా పైకి జరపండి. ఆ దారిలో ఐదు గీతలూ వేలికి తగులుతాయి. ఆ నిలువు కోతని కాగితంతో సహా పక్కకి తిప్పి పడుకోబెడితే, పొట్టి పిల్లలు ఎడమకీ పొడుగు పిల్లలు కుడికీ వస్తారు. ఆ గీత మీద ఒక గంటని నిలబెట్టండి. అదే నార్మల్ కర్వ్. చార్టులో ప్రతి నెలకీ అలాంటి గంట ఒకటి ఉంది. కాగితం మీద చోటు చాలదు కాబట్టి గంటలు చెరిపేసి, వాటి మీది గుర్తులు మాత్రం కలుపుతూ గీతలు గీశారు.

ఆ గంట ఎవరిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు ఆరు చోట్ల పిల్లల్ని కొలిచింది. బ్రెజిల్‌లో పెలోటాస్, ఘనాలో అక్రా, నార్వేలో ఓస్లో, ఒమన్‌లో మస్కట్, అమెరికాలో డేవిస్, మన దేశంలో దక్షిణ ఢిల్లీ. మొత్తం ఎనిమిదిన్నర వేల మంది దాకా. తల్లిపాలు తాగినవాళ్ళు, పొగ తాగని తల్లుల బిడ్డలు, తిండికీ వైద్యానికీ లోటులేని ఇళ్ళవాళ్ళు, వీళ్ళనే ఏరి తీసుకున్నారు. "ఓస్లో పిల్లలతో మన పిల్లలకి పోలికేమిటండీ?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సబబైన ప్రశ్నే. కానీ ఆ కొలతల్లో తేలింది మరోటి. పిల్లల పొడుగుల్లో కనిపించిన మొత్తం తేడాలో, ఊరు మారడం వల్ల వచ్చింది 3 శాతం మాత్రమే. ఒకే ఊరి పిల్లల మధ్యే అసలు తేడా అంతా ఉంది. 2006లో ఆ ప్రమాణాలు వచ్చాయి. 2008 నుంచి మన అంగన్‌వాడీలకూ అవే ఆధారం.

సరిగ్గా మూడేళ్ళ ఆడపిల్లల గంటకి రెండే అంకెలు కావాలి. నడిమి ఎత్తు 95.1 సెంటీమీటర్లు, ప్రామాణిక విచలనం సుమారు 3.8 సెంటీమీటర్లు. మొదటిది గంట శిఖరం ఎక్కడ నిలబడిందో చెబుతుంది. రెండోది గంట ఎంత వెడల్పో చెబుతుంది. ప్రామాణిక విచలనం అనే మాట వినగానే మా పిల్లలు మొహాలు చిట్లించేవారు. దానికి కంటికి కనిపించే రూపం ఒకటుంది. శిఖరం మీంచి పక్కకి దిగడం మొదలుపెట్టండి. మొదట మెల్లగా, తర్వాత వాలు అంతకంతకూ ఎక్కువవుతూ పోతుంది. ఒకచోటికి వచ్చేసరికి ఆ పెరగడం ఆగి, అక్కణ్ణించి జారుడుబల్ల చివరిలా నేలకి చదునవుతూ వస్తుంది. బోర్లించిన గిన్నె వంపు కాస్తా తెరిచిన గిన్నె వంపుగా మారే చోటు అది. శిఖరం నుంచి అక్కడికి అడ్డంగా ఉన్న దూరమే ఒక ప్రామాణిక విచలనం. ఎస్‌డి అంటారు పొట్టిగా, మనమూ అలాగే అందాం. మన గంటకి ఆ మలుపు ఎడమన 91.3 దగ్గర, కుడిన 98.9 దగ్గర వస్తుంది.

ఇక ఆ నింపిన భాగం సంగతి.

వెయ్యిమంది మూడేళ్ళ పిల్లల్ని మైదానంలో నిలబెట్టామనుకోండి. 95 సెంటీమీటర్ల దగ్గరి వాళ్ళంతా ఒక వరసలో ఒకరి వెనక ఒకరు, 96 దగ్గరి వాళ్ళు పక్క వరసలో, 97 వాళ్ళు ఆ పక్కన. మిద్దె మీంచి చూస్తే నడిమి వరసలు పొడుగ్గా, అంచుల వరసలు కురచగా కనిపిస్తాయి. వరసల చివర్లు కలిపితే గంట. అంటే గంట కింద ఉన్నది ఖాళీ జాగా కాదు, పిల్లలు. కొంత మేర రంగు వేశామంటే అందులో నిలబడ్డ పిల్లల్ని లెక్కపెట్టమని అర్థం. మొత్తం విస్తీర్ణాన్ని 1 అనుకుంటే, రంగు వేసిన విస్తీర్ణం అందులో ఎంత భాగమో అదే సంభావ్యత. కళ్ళు మూసుకుని ఆ మైదానంలోంచి ఒక పిల్లని పిలిస్తే ఆ రంగులోంచి వచ్చే అవకాశం అంత.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మన పిల్ల ఎత్తు దగ్గర గంట ఎంత పైకి లేచిందో చూసి, అదే అవకాశం అనుకుంటారు. గంట ఎత్తు అక్కడ ఎంత ఒత్తుగా పిల్లలున్నారో చెబుతుంది, అంతే. సరిగ్గా 90.000 సెంటీమీటర్లు ఉన్న పిల్ల దొరకడం అనేది లెక్క ప్రకారం సున్నా, ఎందుకంటే గీతకి వెడల్పు లేదు, వెడల్పు లేనిదానికి విస్తీర్ణం లేదు. అందుకే ఎప్పుడూ "ఇంతకంటే తక్కువ", "ఇంతకంటే ఎక్కువ", "ఇక్కణ్ణించి ఇక్కడికి" అనే అడగాలి. రంగు వేయడమంటే ఆ ప్రశ్నని బొమ్మలో పెట్టడమే. ఎడమ అంచు నుంచి ఒక గీత దాకా నింపితే తక్కువ అన్న ప్రశ్న. గీత నుంచి కుడి అంచు దాకా నింపితే ఎక్కువ అన్న ప్రశ్న.

శిఖరం నుంచి ఎడమకి ఎస్‌డి ఎస్‌డికీ ఒక గోడ కట్టుకుంటూ వెళ్తే గదులు ఏర్పడతాయి. మొదటి గదిలో, అంటే 95.1 నుంచి 91.3 వరకు, నూటికి 34 మంది. రెండో గదిలో సుమారు 13.6 మంది. మూడో గదిలో 2.1. దాని అవతల మిగిలింది 0.13, అంటే వెయ్యికి ఒక్కరు, ఆ పైన కొసరు. కుడివైపు కూడా ఇంతే, గంట రెండు చెక్కలూ సమానం కాబట్టి. గదుల వెడల్పు ఒకటే, ఒక్కోటి 3.8 సెంటీమీటర్లు. మనుషులు మాత్రం ముప్పై నాలుగు, పదమూడున్నర, రెండు. గ్రోత్ చార్టు చూసేటప్పుడు కంటిని మోసం చేసేది ఇదే. అక్కడ కంటికి ఆనేది గీతల మధ్య ఖాళీల వెడల్పే. మైనస్ 2కీ మైనస్ 3కీ మధ్య పట్టీ, సున్నాకీ మైనస్ 2కీ మధ్య పట్టీలో సగం వెడల్పుంటుంది. సగం మంది ఉంటారనుకుంటాం. పైపట్టీలో 47.7 మంది, కిందపట్టీలో 2.1 మంది.

ఇప్పుడు మా పాప దగ్గరికి వద్దాం. 90.0 సెంటీమీటర్లు. శిఖరానికి ఎన్ని ఎస్‌డిల దూరంలో ఉంది?

z = (90.0 − 95.1) / 3.8 = −1.34

మైనస్ గుర్తుకి అర్థం శిఖరానికి ఎడమ పక్క అని. అంతకుమించి ఇంకేం లేదు, లోపం అనీ కాదు, రోగం అనీ కాదు. ఈ అంకెని జడ్ స్కోర్ అంటారు. సెంటీమీటర్లు దీనిలో కొట్టుకుపోయాయి, కాబట్టి మూడేళ్ళ పాపకైనా ముప్పై ఏళ్ళ సైనికుడికైనా ఒకే పట్టిక సరిపోతుంది. అందుకే పుస్తకం చివర ఒకే ఒక్క పట్టిక ఉంటుంది.

ఎడమ అంచు నుంచి మైనస్ 1.34 దాకా రంగు వేయండి. పట్టిక చూసే ముందు కంటితో అంచనా కట్టండి. ఇది నేను పిల్లలతో పట్టుబట్టి చేయించిన ఒకే ఒక్క మంచి పని. మైనస్ 1 దాకా నింపితే 16 శాతం ఉంటుందని గదులే చెబుతున్నాయి. మైనస్ 2 దాకా నింపితే 2.3. మనది మధ్యలో, మైనస్ 1కి కాస్త దగ్గర. అంటే పది దగ్గర్లో ఏదో రావాలి. ఇప్పుడు పట్టిక తెరవండి.

పట్టికల్లో రెండు రకాలున్నాయి, మార్కులు పోయేది ఇక్కడే. కొన్ని ఎడమ అంచు నుంచి లెక్కగట్టి ఇస్తాయి. అందులో మైనస్ 1.34కి 0.0901 ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో తరచు కనిపించేవి శిఖరం నుంచి లెక్కగట్టినవి. వాటిలో మైనస్‌లే ఉండవు. 1.34 ఎదురుగా 0.4099 ఉంటుంది. అది శిఖరానికీ మన గీతకీ మధ్యనున్న మేర. మనకి కావలసింది దాని అవతలి తోక, కాబట్టి సగంలోంచి తీసేయాలి: 0.5 − 0.4099 = 0.0901. తీసేయడం మర్చిపోయినవాడికి 41 శాతం వస్తుంది. ముందే పది దగ్గరని అనుకున్నవాడు ఆ 41ని చూడగానే ఆగుతాడు. అనుకోనివాడు రాసేసి పేజీ తిప్పుతాడు. పట్టిక ఏ రకమో తెలుసుకోవాలంటే సున్నా ఎదురుగా చూడండి. అక్కడ 0.5 ఉంటే ఎడమ అంచు నుంచి, 0 ఉంటే శిఖరం నుంచి. పట్టిక తలమీద గంట బొమ్మ వేసి రంగు నింపి ఉంటుంది కూడా, కానీ దాన్ని ఎవరు చూస్తారు.

కంప్యూటర్ ఉంటే పట్టిక అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఒక గడిలో ఇలా టైపు చేస్తే చాలు:

```
=NORM.DIST(90, 95.1, 3.8, TRUE)
```

0.0898 అని వస్తుంది. పట్టికకీ దీనికీ వచ్చిన ఆ వెంట్రుకవాసి తేడా మనం 1.34 దగ్గర దశాంశాలు కత్తిరించినందువల్ల. చివర `TRUE` బదులు `FALSE` పెడితే 0.0427 వస్తుంది. అది విస్తీర్ణం కాదు, ఆ చోట గంట ఎత్తు. ఇందాక చెప్పిన బోల్తా కంప్యూటర్లో కూడా తయారుగానే ఉంది, ఒక్క మాట తేడాతో.

"నూటికి తొమ్మిదిమంది పాపకంటే పొట్టిగా ఉంటారు, తొంభై ఒక్కమంది పొడుగ్గా ఉంటారు. అదీ, ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్లో," అన్నాను ఫోన్లో.

"తొమ్మిదిమందే!"

"నీ పెళ్ళిలో నూరుమంది చిన్నపిల్లలొస్తే తొమ్మిదిమంది అంటే ఒక బంతి భోజనాల బల్ల, అమ్మా. అంత అరుదేం కాదు. మీ అమ్మ ఎత్తెంత, నీ ఎత్తెంత?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇద్దరూ అయిదడుగుల లోపే.

మైనస్ 2 గీతకి ఎందుకంత పట్టింపు? దాని ఎడమన పడిన పిల్లల్ని వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళుగా లెక్క రాస్తారు. మైనస్ 3కి ఎడమన పడితే తీవ్రంగా. మూడేళ్ళ ఆడపిల్లకి మైనస్ 2 గీత 87.4 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కానీ ప్రకృతి అక్కడ గోడేమీ కట్టలేదు. మైనస్ 2కి ఎడమన 2.3 శాతం ఉంటుందని గంటే చెబుతోంది కదా. ఏ లోటూ లేని వెయ్యిమంది పిల్లల్ని నిలబెట్టినా 23 మంది ఆ గీత కింద ఉండి తీరతారు. వాళ్ళు వాళ్ళ కుటుంబం పోలికలో పొట్టి, అంతే. అలాగే, పుట్టినప్పుడు సున్నా గీత మీద ఉన్న పిల్ల ఏడాదిలో మైనస్ 1.8కి జారితే, గీత దాటలేదని నిమ్మళంగా ఉండడానికి లేదు. ఒక్క చుక్క పిల్ల ఎక్కడుందో చెబుతుంది. ఎటు పోతోందో చెప్పాలంటే వరసగా నాలుగు చుక్కలు కావాలి.

చుక్క సరైనదేనా అన్నది మరో ప్రశ్న. ఎత్తు తప్పు కొలవడం ఒకటి. రెండేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, ఆ తర్వాత నిలబెట్టి. పడుకోబెడితే సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. మడమలు గోడకి ఆనకపోయినా, జుట్టు పైకి ముడివేసినా ఇంకో సెంటీమీటరు అటూ ఇటూ. అయితే అసలు దెబ్బ వయసు దగ్గర పడుతుంది. 36 నెలల ఆడపిల్లకి నడిమి ఎత్తు 95.1 అయితే, 42 నెలలకి అది 99.0. ఆర్నెల్లలో దాదాపు నాలుగు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక నిండు ఎస్‌డి. మా పాప వయసుని ఎవరో పొరపాటున మూడున్నరేళ్ళని రాశారనుకోండి. పిల్ల అదే, ఎత్తు అదే 90.0, చుక్క మాత్రం మైనస్ 1.34 నుంచి మైనస్ 2.2కి పడిపోతుంది. ఎడమ తోకలో రంగు 9 శాతం నుంచి ఒకటిన్నర శాతం లోపుకి కుంచించుకుపోతుంది. ఇంట్లో రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

బరువు చార్టుకి ఈ తీసివేత లెక్క పనికిరాదని కూడా ఇక్కడే చెప్పేయాలి. మూడేళ్ళ ఆడపిల్ల నడిమి బరువు 13.9 కిలోలు. మైనస్ 2 గీత 10.8 దగ్గర, ప్లస్ 2 గీత 18.1 దగ్గర ఉన్నాయి. కిందికి 3.1 కిలోలు, పైకి 4.2. అంటే గంట రెండు చెక్కలూ సమానం కావు, కుడి తోక సాగింది. మనిషి ఎంత బక్కచిక్కినా ఒక హద్దుంటుంది, లావెక్కడానికి అంత హద్దు లేదు. ఇలాంటి చోట ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు ముందు అంకెల్ని ఒక సూత్రంతో సాగదీసి గంటని నిటారు చేసి, ఆ తర్వాతే ఎస్‌డిలు లెక్కగట్టారు. చార్టులోని గీతలు ఆ పని అయ్యాక గీసినవే, వాటిని నమ్మొచ్చు. మనంతట మనం 13.9లోంచి తీసేసి భాగించబోతేనే తప్పు. శిఖరానికి ఇరువైపులా గీతలు సమాన దూరంలో ఉన్నాయా అని ఒకసారి స్కేలు పెట్టి చూస్తే, ఏ చార్టుకి మన లెక్క చెల్లుతుందో తెలిసిపోతుంది.

ఫోన్ పెట్టేశాక నాకే ఒక ఆలోచన వచ్చింది. ఒక పిల్ల చుక్క నుంచి నింపిన భాగానికి వెళ్ళాం. నింపిన భాగం ముందే తెలిస్తే వెనక్కి నడవొచ్చా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21. అయిదేళ్ళ లోపు పిల్లల్లో మైనస్ 2 గీతకి ఎడమన ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1, దేశం మొత్తానికి 35.5. ఉండవలసింది 2.3. ఈ అంకెల్ని పేపర్లు ఎలా రాస్తాయంటే, ముప్పై ఒక్కమంది పిల్లలకి ఏదో అయింది, మిగతా అరవై తొమ్మిదిమందీ బాగున్నారు అన్నట్టు. గంట బొమ్మ ముందు పెట్టుకుంటే ఆ మాట నిలవదు.

గంట వెడల్పు మారలేదనుకుందాం, పక్కకి జరిగిందనుకుందాం. ఏ చోటికి ఎడమన 31.2 శాతం ఉంటుంది? పట్టికని లోపలి నుంచి బయటికి చదవాలి. 0.312 ఎక్కడుందో వెతికితే ఎదురుగా మైనస్ 0.49 దొరుకుతుంది. అంటే మన పిల్లల గంటకి ఆ మైనస్ 2 గీత శిఖరం నుంచి అర ఎస్‌డి దూరంలోనే ఉంది. శిఖరమే మైనస్ 1.51 దాకా జరిగిపోయింది. మూడేళ్ళ ఆడపిల్లల భాషలో చెప్పాలంటే సుమారు 5.7 సెంటీమీటర్లు, 95.1 నుంచి 89.4కి. ఏదో ఒక మూల కొందరు పిల్లలు విడిగా కుంగిపోవడం కాదిది. నడిమివాళ్ళు, పొడుగువాళ్ళు, అందరూ కలిసి ఎడమకి జరిగారు. గీతకి కుడిన "బాగున్న" అరవై తొమ్మిదిమందిలో చాలామంది కూడా తాము పెరగగలిగినంత పెరగలేదు.

అన్నట్టు, ఈ లెక్క ప్రకారం 90 సెంటీమీటర్ల మా పాప మన రాష్ట్రంలో నడిమి పిల్లకంటే పావంగుళానికి కాస్త తక్కువగా పొడుగే. ఆ సంగతి మేనకోడలికి చెప్పలేదు. సంతోషించదగ్గ పోలిక కాదు.

గీత శిఖరం దగ్గరికి వచ్చేసిందంటే మరో చిక్కు. అక్కడ పిల్లలు ఒత్తుగా నిలబడి ఉంటారు కాబట్టి గంట రవంత కదిలినా బోలెడుమంది గీత దాటుతారు. తెలంగాణ శాతం 2015-16లో 28, 2019-21లో 33.1. అయిదు శాతం పెరిగిందంటే ఏదో ఉపద్రవం జరిగినట్టుంది. వెనక్కి నడిచి చూస్తే శిఖరం మైనస్ 1.42 నుంచి మైనస్ 1.56కి వచ్చింది. తేడా 0.14 ఎస్‌డి, మూడేళ్ళ పిల్లకి అర సెంటీమీటరు. తగ్గినప్పుడూ అంతే. శాతం చూసి చప్పట్లు కొట్టే ముందు, గుండెలు బాదుకునే ముందు, శిఖరం ఎంత కదిలిందో అడగడం మంచిది. సర్వే పెద్ద నివేదికల్లో సగటు జడ్ స్కోర్ కూడా ఇస్తారు. దాన్ని చదివేవాళ్ళు తక్కువ.

పైన "గంట వెడల్పు మారలేదనుకుందాం" అన్నాను. అది అనుకోలు మాత్రమే. ఊరూరా తిరిగి కొలిచే సర్వేల్లో గంట కాస్త వెడల్పుగానే వస్తుంది. పేదా గొప్పా తేడాల వల్ల కొంత, కొలత తప్పుల వల్ల కొంత. తప్పులు అటూ ఇటూ సమానంగా పడతాయి కదా, కొట్టుకుపోతాయిలే అనుకుంటాం. సగటులో కొట్టుకుపోతాయి. తోకల్లో కొట్టుకుపోవు. ఒక్కో కొలతలో మామూలుగా రెండు సెంటీమీటర్ల తప్పు దొర్లుతోందనుకుంటే, మన 3.8 సెంటీమీటర్ల ఎస్‌డి కాస్తా 4.3 అవుతుంది. అంటే గంట 1.13 రెట్లు సాగింది. శిఖరం ఉన్నచోటే ఉంది, ఒక్క పిల్లా పొట్టి కాలేదు. అయినా మైనస్ 2 గీతకి ఎడమన 2.3 ఉండవలసింది 3.8 శాతం కనిపిస్తుంది. మైనస్ 3కి ఎడమన 0.13 ఉండవలసింది 0.4, మూడింతలు. తోక ఎంత చివరిదైతే తప్పు అంతగా ఉబ్బిస్తుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్ళు ఒక జిల్లా లెక్క చేతికొస్తే శాతం కంటే ముందు జడ్ స్కోర్ల ఎస్‌డి ఎంత అని చూస్తారు. అది ఒకటికి దగ్గర్లో ఉంటే ముందుకెళ్తారు. ఒకటిన్నర దాటితే పిల్లల్ని కాదు, కొలబద్దల్నీ పుట్టినతేదీల్నీ అనుమానిస్తారు. మైనస్ 6 కంటే తక్కువ, ప్లస్ 6 కంటే ఎక్కువ వచ్చిన పిల్లల్ని లెక్కలోంచే తీసేస్తారు, అంత దూరంలో నిజం పిల్ల ఉండడం గంట ప్రకారం జరగని పని కాబట్టి.

మేనకోడలు పడుకునే ముందు మళ్ళీ మెసేజ్ పెట్టింది. వచ్చే నెల అంగన్‌వాడీలో కూడా కొలుస్తారట, వెళ్ళాలా అని. వెళ్ళమన్నాను. మీరూ వెళ్ళండి. పిల్ల జడముడి విప్పి, చెప్పులు తీయించి నిలబెట్టండి. వయసు "మూడు దాటిందండీ" అని నోటితో చెప్పకుండా పుట్టినతేదీ సర్టిఫికెట్ చేతిలో పెట్టండి.